అసలు తీరిన మర్నాడు

శ్రీసిటీలో ఏసీలకు ప్లాస్టిక్ విడిభాగాలు పోసిచ్చే ఒక చిన్న యూనిట్‌కి లెక్కలు చూడ్డానికి వెళ్ళాను. పేరు వద్దు. అంకెలు కూడా కొంచెం సర్ది, గుండ్రం చేసి చెబుతున్నాను. యజమాని చేతిలో కోటి రూపాయలకు బ్యాంకు ఒప్పుకోలు ఉంది, వడ్డీ 12 శాతం. దాన్ని ఖర్చు పెట్టడానికి ఆయన ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, ఒక కంపెనీ కొత్త మోడల్ ఏసీకి ముందు ప్యానెల్ పోసే మౌల్డ్‌లు, దానికి తగిన మెషీన్. రెండోది, షెడ్డు పైకప్పు మీద సోలార్ పలకలు.

"సార్, మూడేళ్ళలో పెట్టింది చేతికి రాకుంటే నేను దాని జోలికే పోను. మా నాయన కాలం నుంచీ ఇదే లెక్క" అన్నారాయన.

పక్కన కూర్చున్న అకౌంట్స్ అమ్మాయి ఈమధ్యే చదువు ముగించి చేరింది. "వడ్డీ కూడా వేసి చూసినా సార్. అట్ల చూస్తే రెండూ పోతా ఉండాయి" అంది.

"రెండూనా? సరే, అయితే రెండూ వద్దులేమ్మా" అని ఆయన కాగితాలు మడిచారు.

ఆ మడతలోనే నా వ్యాసమంతా ఉంది. ఆయన వాడింది పేబ్యాక్ పీరియడ్, అంటే పెట్టిన డబ్బు ఎన్నేళ్ళకు తిరిగొస్తుందన్న లెక్క. ఆ అమ్మాయి వాడింది డిస్కౌంటెడ్ పేబ్యాక్, అంటే వడ్డీతో సహా ఎన్నేళ్ళకు తిరిగొస్తుందన్న లెక్క. రెండోది మొదటిదాన్ని దిద్దిన రూపమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. దిద్దిన మాట నిజమే. కానీ ఉన్న రెండు తప్పుల్లో ఒకదాన్నే దిద్దింది. మిగిలిన తప్పు, వడ్డీ కట్టామన్న ధీమా చాటున, ముందుకన్నా నమ్మదగినదిగా కనిపించడం మొదలుపెట్టింది.

అంకెలు చూద్దాం. మౌల్డ్‌లకు కోటి పెడితే మొదటి ఏడాది 45 లక్షలు, రెండో ఏడాది 40, మూడో ఏడాది 25, నాలుగో ఏడాది 10 లక్షలు మిగులుతాయి. తర్వాత ఆ మోడల్ మారిపోతుంది, మౌల్డ్ పాత ఇనుము కింద పోతుంది. సోలార్‌కి కోటి పెడితే, కరెంటు బిల్లులో ఏటా 20 లక్షలు తగ్గుతాయి. కడగడం, చూసుకోవడం ఖర్చు పోను వచ్చే అంకె ఇది. పలకలకు తయారీదారులు సాధారణంగా పాతికేళ్ళ హామీ ఇస్తారు. మనం జాగ్రత్తగా 20 ఏళ్ళే లెక్కలోకి తీసుకుందాం. మధ్యలో, 12వ ఏడాది, ఇన్వర్టర్లు మార్చడానికి 10 లక్షలు అవుతాయనుకుందాం.

యజమాని లెక్కలో మౌల్డ్‌కి రెండేళ్ళలో 85 లక్షలు వచ్చేస్తాయి, మిగిలిన 15 లక్షలు మూడో ఏడాది 25లో వస్తాయి. కాబట్టి గడువు రెండేళ్ళ ఏడు నెలలు. సోలార్‌కి సరిగ్గా ఐదేళ్ళు. మూడేళ్ళ గీత దగ్గర మౌల్డ్ ఇవతల నిలిచింది, సోలార్ అవతల పడింది. వడ్డీ మాట ఎత్తకపోతే ఆ కోటి ఆయన సంతకంతో మౌల్డ్‌లకు పోయేది.

అమ్మాయి లెక్కను డిస్కౌంట్ ఫ్యాక్టర్ల పట్టికతో చెప్పొచ్చు. కానీ దానికంటే అప్పు ఖాతాగా చెబితే తేటగా ఉంటుంది, నిజానికి రెండూ ఒకటే. కోటి అప్పు తెచ్చాం. ఏడాది తిరిగేసరికి వడ్డీతో 112 లక్షలయింది. మౌల్డ్ తెచ్చిన 45 లక్షలు కట్టేస్తే 67 మిగిలింది. రెండో ఏడాది చివరికి అది 75 అయింది, 40 కడితే 35 మిగిలింది. మూడో ఏడాది అది 39కి పెరిగింది, 25 కడితే 14 పైచిలుకు. నాలుగో ఏడాది అది 16 దగ్గరికొచ్చింది, ఆ ఏడాది వచ్చిన 10 కట్టేశాం. ఇంకా దాదాపు 6 లక్షలు బాకీ ఉంది. మౌల్డ్ దగ్గర ఇక ఇవ్వడానికి ఏమీ లేదు. అంటే రెండేళ్ళ ఏడు నెలల్లో అసలు తిరిగొచ్చిందని చెప్పుకున్న ప్రాజెక్టు, నిజానికి అప్పు ఎప్పటికీ తీర్చలేదు. నేటి విలువలో చూస్తే ఇది సుమారు 4 లక్షల నష్టం. ఇది సంపాదించే రాబడి ఏటా 10 శాతానికి కొంచెం లోపు. తెచ్చిన అప్పుకి వడ్డీ 12.

ఇక్కడ డిస్కౌంటెడ్ పేబ్యాక్ తన పని చక్కగా చేసింది. మామూలు పేబ్యాక్‌కి 9 శాతం వడ్డీ అయినా, 15 శాతం అయినా మౌల్డ్ గడువు రెండేళ్ళ ఏడు నెలలే. వడ్డీ రేటు మారినప్పుడు కదలని కొలబద్దతో పెట్టుబడిని కొలవడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క ఖాతా చాలు చెప్పడానికి. అమ్మాయి లెక్క లేకపోతే ఆయన నష్టాన్ని లాభమనుకుని ఇంటికి తెచ్చుకునేవారు. ఆ మేరకు ఆమె గెలిచింది, ఆ మాట ఆ గదిలోనే ఆమెతో చెప్పాను.

ఇప్పుడు అదే ఖాతా సోలార్‌కి రాద్దాం. మొదటి ఏడాది చివర 112లో 20 కడితే 92. తర్వాత 83, తర్వాత 73, తర్వాత సుమారు 62. ఐదో ఏడాది చివరికి, అంటే మామూలు పేబ్యాక్ అసలు తీరిందని చెప్పిన రోజున, ఖాతాలో ఇంకా 49 లక్షల బాకీ ఉంది. ఐదేళ్ళుగా కట్టిన కోటిలో సగం దాకా వడ్డీకే పోయింది. అక్కడి నుంచి 35, 19, తర్వాత ఎనిమిదో ఏడాది చివర లక్షా అరవై వేలు. తొమ్మిదో ఏడాది మొదటి నెలలో ఖాతా మూసుకుంటుంది. డిస్కౌంటెడ్ పేబ్యాక్ ఎనిమిదేళ్ళ ఒక నెల.

అమ్మాయి తన గీతను మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు జరిపింది. వడ్డీ వేశాం కాబట్టి గడువు పెంచడం న్యాయమే. అయినా ఎనిమిదేళ్ళ సోలార్ ఆ గీత దాటలేకపోయింది. అందుకే "రెండూ పోతా ఉండాయి" అంది. కానీ ఆ అప్పు ఖాతా మూసుకున్న తర్వాత ఇంకా పన్నెండేళ్ళు ఏటా 20 లక్షలు వస్తూనే ఉంటాయి. ఇన్వర్టర్ల ఖర్చు తీసేసి, అంతా 12 శాతంతో నేటి విలువకు దించితే మిగిలేది సుమారు 47 లక్షలు. దీన్నే నికర వర్తమాన విలువ అంటాం. వడ్డీ పోను, అసలు పోను, ఈరోజు యజమాని చేతిలో పెట్టినట్టుగా లెక్కకొచ్చే సంపద అది.

రెండు పద్ధతుల తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. యజమాని పద్ధతి నాలుగు లక్షలు పోగొట్టే దాన్ని ఎంచుకుని, 47 లక్షలు తెచ్చే దాన్ని వదిలేసింది. అమ్మాయి పద్ధతి నాలుగు లక్షల గండం తప్పించి, 47 లక్షలను మాత్రం అలాగే వదిలేసింది. నష్టం పరిమాణంలో చూస్తే పెద్ద తప్పు దిద్దబడలేదు. ఎందుకంటే ఆ పెద్ద తప్పు వడ్డీ వేయకపోవడంలో లేదు. గీత గీసి, గీత అవతల వచ్చే డబ్బు వైపు చూడకపోవడంలో ఉంది. డిస్కౌంటింగ్ గీత ఇవతలి అంకెలను సరిచేస్తుంది. అవతలి అంకెలు దాని దృష్టికే రావు.

దీన్ని కొంచెం కచ్చితంగా చెప్పొచ్చు. మొదట ఒకసారి డబ్బు పెట్టి, తర్వాత ఎప్పుడూ రాబడే తప్ప ఖర్చు లేని ప్రాజెక్టు అయితే, డిస్కౌంటెడ్ పేబ్యాక్ ఏదో ఒక ఏడాది దొరికిందంటే ఆ ప్రాజెక్టు నష్టం కాదు. అంతవరకు ఆ పద్ధతి మాట నమ్మొచ్చు. అది తీసుకోమన్నది మునగదు. కానీ అది వద్దన్నది మంచిదే కావచ్చు. మామూలు పేబ్యాక్‌కి ఈ సగం భరోసా కూడా లేదు. అది తీసుకోమన్నదీ మునగొచ్చు, వద్దన్నదీ పండొచ్చు.

అయితే మూడేళ్ళ గీత ఎక్కడి నుంచి వచ్చింది? అడిగితే యజమానికే తెలియదు. దాని అసలు బరువు ఎంతో ఆయన ఎప్పుడూ తూచలేదు. 1955లో మైరన్ గోర్డన్ అనే ఆర్థికవేత్త ఒక సులువైన సంబంధం చూపించాడు. ఏటా సమానంగా, చాలా కాలం రాబడి ఇచ్చే ఆస్తి అయితే, ఒకటిని పేబ్యాక్ ఏళ్ళతో భాగిస్తే వచ్చేది దాదాపు దాని రాబడి రేటు. సోలార్‌కి ఐదేళ్ళు, అంటే 20 శాతం. నిజంగా కట్టి చూస్తే, ఇన్వర్టర్ల మాట పక్కన పెట్టినప్పుడు, 19.4 వస్తుంది. ఈ లెక్కన 20 ఏళ్ళ ఆస్తిని మూడేళ్ళలో తిరిగి ఇమ్మనడమంటే, ఏటా 33 శాతం రాబడి ఇమ్మని అడగడం. బ్యాంకు దగ్గర 12కి తెచ్చే మనిషి 19 శాతం ఇచ్చే పనిని తోసేసి, 10 కూడా ఇవ్వని పనిని ఎంచుకోబోయారు. రెండింటికీ ఒకే గీత పెట్టడం న్యాయంగా కనిపించింది కానీ, నాలుగేళ్ళు బతికే దానికీ ఇరవై ఏళ్ళు బతికే దానికీ ఒకే గీత అంటే, రెండోదాని నుంచి రెండున్నర రెట్లకు పైగా రాబడి అడగడమే అయింది.

ఆయనకు నేను ఈ మాట శాతాల్లో చెప్పలేదు. ఆయనది శ్రీకాళహస్తి పక్క పల్లె, చుట్టాలకు చిత్తూరు వైపు తోటలున్నాయి. తోతాపురి అంటు మొక్క పెడితే కాపుకి రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. మంచి దిగుబడి ఇంకా తర్వాతే. ఆ లోపల చెట్ల సందుల్లో శెనక్కాయ వేసి ఇల్లు నడుపుకుంటారు. మూడేళ్ళ పేబ్యాక్ లెక్క పట్టుకుని ఉంటే చిత్తూరు జిల్లాలో ఒక్క మామిడి తోట లేచేది కాదు, గుజ్జు ఫ్యాక్టరీలూ ఉండేవి కాదు. మూడు నాలుగు నెలల్లో డబ్బు చూపించే మదనపల్లె టమాటా ముందు మామిడి ఏ ఏడాదీ నెగ్గేది కాదు. "మీ పెదనాన్న తోట పెట్టేటప్పుడు మూడేళ్ళు చూసినాడా?" అంటే ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఇంత చెప్పాక, యజమాని వైపు నుంచి కూడా చెప్పాలి. లేకపోతే అది విమర్శ కాదు. పేబ్యాక్ ఇన్నాళ్ళు బతికింది తెలివితక్కువ వల్ల కాదు. జాన్ గ్రాహం, క్యాంప్‌బెల్ హార్వీ 2001లో ప్రచురించిన సర్వేలో, జవాబిచ్చిన 392 మంది ఆర్థికాధికారుల్లో సగానికి పైగా మంది పేబ్యాక్‌ను ఎప్పుడూ, లేదా దాదాపు ఎప్పుడూ చూస్తామన్నారు. అంతకన్నా మెరుగైన డిస్కౌంటెడ్ రూపాన్ని అలా వాడేవాళ్ళు 30 శాతం లోపే. చిన్న సంస్థలు పేబ్యాక్ మీద మరింత ఎక్కువగా ఆధారపడుతున్నాయని కూడా ఆ సర్వేలో తేలింది. చిన్న సంస్థకి చేతిలో డబ్బు లేని ఒక్క నెలే ప్రాణాంతకం. వాళ్ళకు ఎంత లాభం అన్న ప్రశ్న కన్నా ఎంతకాలం ఊపిరి బిగపట్టాలన్న ప్రశ్న ముందొస్తుంది.

పైగా శ్రీసిటీ చుట్టుపక్కల వాళ్ళకి రేపటి రాబడిని నమ్మకపోవడానికి కళ్ళెదుటి కారణం ఉంది. తడ దాటి చెన్నై అవతలికి వెళ్తే శ్రీపెరంబుదూరు. అక్కడ నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ 2006లో మొదలైంది. 2014 నవంబర్‌లో ఉత్పత్తి ఆగిపోయింది. పన్ను వివాదం వల్ల, నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నప్పుడు ఆ ఫ్యాక్టరీ బేరంలోకి వెళ్ళలేదు. నోకియా మీద ఆధారపడిన ఫాక్స్‌కాన్ యూనిట్ కూడా దాని వెనకే ఆగింది. మరుసటి ఏడాది, 2015లో, అదే ఫాక్స్‌కాన్ శ్రీసిటీలో షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. ఒకచోట పదేళ్ళు వస్తుందనుకున్న ఆర్డరు తొమ్మిదేళ్ళు నిండకుండానే మాయమైంది. ఇంకొకచోట అప్పటిదాకా లేని ఆర్డరు పుట్టింది. నోకియాకి పెట్టెలో, చార్జర్లో, కవర్లో సరఫరా చేయడానికి పెట్టుబడి పెట్టినవాడు పదో ఏడాది రాబడిని లెక్కలో రాసుకుని ఉంటే, ఆ అంకె కాగితం మీదే మిగిలిపోయేది. ఒకే కొనుగోలుదారు మీద నిలబడ్డ మౌల్డ్‌కి గీత దగ్గరగా గీయడం పిరికితనం కాదు. ఆ డబ్బు నిజంగానే ఆ దూరంలో ఉండకపోవచ్చు.

కానీ ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. దూరపు రాబడి అనుమానాస్పదం అనడం ఒకటి. దూరపు రాబడి సున్నా అనడం మరొకటి. పేబ్యాక్ పద్ధతులు రెండూ ఈ రెండో మాటే అంటాయి. గీతకి ముందు రోజు వచ్చే రూపాయికి నిండు నమ్మకం, మరుసటి రోజు వచ్చే రూపాయికి సున్నా. అనుమానం ఉంటే అది ఆ ప్రాజెక్టు అంకెల్లోనే కనిపించాలి. మౌల్డ్ నాలుగో ఏడాది ఆర్డరు రాకపోతే ఏమవుతుందో విడిగా కట్టాలి. సోలార్ కొనుగోలుదారు ఎవరు? ఆ ఫ్యాక్టరీయే. అది నడిచినన్నాళ్ళూ ఆ కరెంటు అక్కరకొస్తుంది, ఏ మోడల్ ఏసీ పోస్తున్నా సరే. రెండింటి ప్రమాదం వేరు. ఒకే గీత ఆ తేడాను చెరిపేస్తుంది.

గీత అవతల ఎప్పుడూ రాబడే ఉంటుందనుకోవడం కూడా పొరపాటు. ఒక్కోసారి అక్కడ ఖర్చు కాచుకుని ఉంటుంది. అదే యజమాని స్నేహితుడొకరు లోహపు భాగాలకు పూత వేసే లైన్ పెట్టాలనుకున్నారు. పెట్టుబడి కోటి, నాలుగేళ్ళ పాటు ఏటా 38 లక్షలు. మామూలు పేబ్యాక్ రెండేళ్ళ ఎనిమిది నెలలు, మూడేళ్ళ గీత లోపలే. 12 శాతం వడ్డీతో కట్టినా మూడేళ్ళ నాలుగు నెలల్లో తీరిపోతుంది, అమ్మాయి ఐదేళ్ళ గీత లోపలే. రెండు పద్ధతులూ పచ్చజెండా ఊపాయి. కానీ పూత లైన్ మూసేటప్పుడు తొట్టెల్లో మిగిలిన రసాయనం, శుద్ధి ప్లాంటులో పేరుకున్న బురద ఊరికే పారబోసేవి కావు. అవి ప్రమాదకర వ్యర్థాలు, వాటిని పారవేయడానికి అనుమతి ఉన్న సంస్థకే డబ్బు కట్టి పంపాలి. నేల శుభ్రం చేసి షెడ్డు అప్పగించాలి. ఐదో ఏడాది చివర దానికి 30 లక్షలు అయితే, నేటి విలువలో అది 17 లక్షలు. నాలుగేళ్ళ రాబడి అప్పు తీర్చగా మిగిలింది 15 లక్షల చిల్లర. మొత్తం మీద లక్షన్నర పైగా నష్టం.

ఇందాక డిస్కౌంటెడ్ పేబ్యాక్‌కి ఇచ్చిన సగం భరోసా ఇక్కడ చెల్లదు. చివర్లో ఖర్చున్న ప్రాజెక్టు విషయంలో అది తీసుకోమన్నది కూడా ముంచొచ్చు. దీన్ని కనిపెట్టే ఉపాయం చాలా మామూలుది. ఖాతా మూసుకున్న ఏడాది దగ్గర ఆగకుండా, ప్రాజెక్టు చివరి రోజు దాకా వరసలు దించి, చివరి గడిలో ఏ గుర్తు ఉందో చూడాలి. నా అనుభవంలో చాలా ప్రతిపాదనల కాగితాల్లో ఆ వరసలే ఉండవు. ఐదేళ్ళ గీత పెట్టుకున్న సంస్థలో ఎక్సెల్ షీట్‌కి ఐదు గడులే ఉంటాయి. ఆరో ఏడాది గురించి అంచనా వేయమని ఎవరినీ ఎవరూ అడగరు. అంటే గీత డబ్బును మాత్రమే కాదు, ఆలోచననూ అక్కడే ఆపేస్తుంది.

ఏసీ పరిశ్రమ శ్రీసిటీకి వచ్చిన తీరులో ఈ ఆరో ఏడాది ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. బ్లూస్టార్, డైకిన్ ఫ్యాక్టరీలు 2023లో ఇక్కడ ప్రారంభమయ్యాయి. 2025 మేలో ఎల్‌జీ సుమారు 5,000 కోట్ల ప్లాంటుకు శంకుస్థాపన చేసింది. ఏసీ విడిభాగాలను దేశంలోనే తయారు చేయించడానికి కేంద్రం 2021లో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం తెచ్చింది. అందరూ పీఎల్ఐ అనేది దాన్నే. ఎంపికైన సంస్థకి, ఆధార సంవత్సరం కన్నా అదనంగా జరిగిన అమ్మకాల మీద 6 శాతం నుంచి మెల్లగా 4 శాతానికి దిగుతూ ఐదేళ్ళు ప్రోత్సాహకం వస్తుంది. పైగా అది అమ్మిన రోజు చేతికి రాదు. అమ్మకాలు జరిగాక లెక్కలు చూపి అడిగితే వస్తుంది. కాబట్టి అమ్మిన రోజే వచ్చినట్టు రాసుకుంటే రెండు పద్ధతుల్లోనూ గడువు ఉన్నదానికన్నా చిన్నదిగా కనబడుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది ప్రోత్సాహకం ఆగాక ఏం మిగులుతుందన్నది. ఒక విడిభాగం లైన్ ప్రోత్సాహకంతో కలిపి నాలుగున్నరేళ్ళలో వడ్డీతో సహా తీరిపోతుందనుకుందాం. ఇంకొక లైన్‌కి ప్రోత్సాహకం లేదు, తీరడానికి ఆరేళ్ళు పడుతుంది, కానీ పదిహేనేళ్ళు సొంత లాభం మీదే నడుస్తుంది. గడువు చూసే ఏ పద్ధతి అయినా మొదటిదానికే ఓటు వేస్తుంది. మొదటిది నష్టమని నేననను. తీరింది కదా. కానీ ఉన్న ఒక్క షెడ్డులో ఒక్క లైన్‌కే చోటున్నప్పుడు, ఎవరు ముందు తీరుస్తారన్న పోటీ, ఎవరు ఎక్కువ మిగులుస్తారన్న పోటీకి బదులుగా నిలబడకూడదు. వరసలో ఎవరు ముందున్నారో తేల్చడానికి ఈ రెండు కొలతలూ పుట్టలేదు.

మరి ఎందుకు పుట్టాయి? నాకు తోచింది చెబుతాను. ఇవి రెండూ అప్పిచ్చినవాడు అడిగే ప్రశ్నలు. బ్యాంకు మేనేజరుకి వాయిదాలు ఎన్నేళ్ళలో తీరతాయన్నదే ముఖ్యం. తీరిన మర్నాటి నుంచి వచ్చే రాబడిలో ఆయనకు పైసా వాటా లేదు. గీత దగ్గర ఆగిపోవడం ఆయనకు సహజం, న్యాయం కూడా. మూడేళ్ళకొకసారి బదిలీ అయ్యే ప్లాంట్ మేనేజరు కూడా దాదాపు అలాంటివాడే. గీత అవతలి పంట ఆయన తర్వాత వచ్చేవాడి ఖాతాలో పడుతుంది. యజమాని పరిస్థితి దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అప్పు తీరేదాకా వచ్చిందంతా బ్యాంకుదే, ఆయన మధ్యలో చేతులు మార్చేవాడు మాత్రమే. ఆయన డబ్బు మొదలయ్యేది అసలు తీరిన మర్నాడు. సరిగ్గా ఆ రోజునే లెక్క ఆపేసే కొలతను యజమాని తన సొంత కొలతగా పెట్టుకోవడమే ఈ విషయంలో నన్ను బాధపెట్టేది. తరతరాలుగా అప్పులవాళ్ళ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ, అదే తన ప్రశ్న అనుకోవడం అలవాటైంది.

అలా అని డిస్కౌంటెడ్ పేబ్యాక్‌ను పారేయమని ఆ అమ్మాయికి నేను చెప్పలేదు. దాన్ని చదివే తీరు మార్చుకోమన్నాను. ఎనిమిదేళ్ళ ఒక నెల అన్న అంకెను ఐదేళ్ళ గీతతో పోల్చొద్దు. అది గడువు కాదు, ఆయుష్షు. ఈ ప్రాజెక్టు నష్టం లేకుండా గట్టెక్కాలంటే కనీసం ఎన్నేళ్ళు బతకాలో చెప్పే అంకె. దాన్ని పోల్చాల్సింది ప్రాజెక్టు నిజంగా ఎన్నేళ్ళు బతుకుతుందన్న దానితో. మౌల్డ్ బతికే నాలుగేళ్ళూ సరిపోవని తేలింది, అక్కడితో అది ముగిసింది. సోలార్ ఎనిమిదేళ్ళ ఒక నెల బతకాలి. పలకలు ఇరవై బతుకుతాయి. మధ్యలో ఉన్న పన్నెండేళ్ళ దూరమే దాని బలం.

"అయితే పెట్టేయొచ్చా సార్?" అన్నారు యజమాని.

పలకలు ఇరవై ఏళ్ళు బతుకుతాయి సరే, వాటి కింద ఉన్నదేమిటి అని అడిగాను. ముగ్గురం బయటికొచ్చి పైకప్పు వైపు చూశాం. షెడ్డు సొంతం కాదు. కట్టి అద్దెకిచ్చిన షెడ్డు, కౌలు ఇంకా తొమ్మిదేళ్ళుంది. తొమ్మిదేళ్ళకు ఖాళీ చేసి, పలకలు అక్కడే వదిలేయాల్సి వస్తే, అప్పు తీరిన తర్వాత పదకొండు నెలల రాబడే చేతికందుతుంది. నేటి విలువలో 47 లక్షల లాభం ఆరున్నర లక్షలకు దిగుతుంది. అప్పటికీ అది మౌల్డ్ కన్నా మెరుగే. కానీ ఒక్క ఏడాది తేడాతో అటూ ఇటూ అయ్యేంత సన్నని మెరుగు.

ఆమె లోపలికెళ్ళి కౌలు పత్రం తెచ్చింది. పొడిగింపు షరతు ఎక్కడుందో, వెళ్ళేటప్పుడు బిగించిన సామాను విప్పుకుపోవచ్చని రాసుందో లేదో ముగ్గురం నిలబడే వెతికాం. పొడిగింపు ఇంకో తొమ్మిదేళ్ళకు ఉంది, కానీ అద్దె అప్పటి ధరకు మాట్లాడుకోవాలని ఉంది. విప్పుకుపోయే మాట ఎక్కడా లేదు. యజమాని ఫోన్ తీసి షెడ్డు ఇచ్చినవాళ్ళకు చేశారు. మడిచిన కాగితాలు ఆ అమ్మాయి మళ్ళీ విప్పి, షీట్‌లో ఐదో గడి పక్కన ఆరో గడి నుంచి అంకెలు వేయడం మొదలుపెట్టింది.